ఏ సరుకు లాభం, ఏది నష్టం: పాత ఓవర్‌హెడ్ పంపకాన్ని ఏబీసీతో సరిచూసే పద్ధతి

ఒకే షెడ్డులో రెండు మూడు పొంతన లేని సరుకులు తయారవుతున్నప్పుడే కాస్టింగ్ లెక్క తప్పుదారి పడుతుంది. మెటీరియల్ ఎంత పడింది, ఆపరేటర్ కూలీ ఎంత అన్నది జాబ్ కార్డు చూసి ఎవరైనా చెబుతారు. చిక్కంతా మిగతా ఖర్చుతోనే. కరెంటు బిల్లు, సెట్టర్ల జీతాలు, క్యూసీ, స్టోర్సు, డ్రాయింగులు, అద్దె, వాచ్‌మన్ జీతం ఏ ఒక్క సరుకు పేరు మీదా రావు. ఓవర్‌హెడ్ అనే ఈ ఖర్చులను ఎలా పంచామన్న దాన్ని బట్టే ఒక సరుకు లాభంగానూ ఇంకొకటి నష్టంగానూ కనిపిస్తుంది. పంచే పద్ధతి మారితే ఈ రెండూ తారుమారు కావచ్చు. కంపెనీ మొత్తం లాభం మాత్రం ఒక్క రూపాయి కూడా మారదు, అందుకే ఈ తప్పు బ్యాలెన్స్ షీటులో ఏనాటికీ బయటపడదు.

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడల్లో కనిపించే తరహా మెషిన్ షాపునొకదాన్ని ఊహించుకుని, పాత పద్ధతిలోనూ, ఖర్చు ఏ పనికి అయిందో చూసి పంచే ఏబీసీ పద్ధతిలోనూ మొదటి నుంచి చివరి దాకా లెక్క వేద్దాం. అంకెలు లెక్క సులువుగా ఉండేలా వేసుకున్నవే. షాపులో రెండు సరుకులు. ఒకటి బోరు పంపుసెట్లకు వేసే కప్లింగ్, ఏడాదికి 50,000 ముక్కలు, వెయ్యేసి చొప్పున 50 లాట్లు. రెండోది ఫార్మా కంపెనీలకు చేసే 316ఎల్ స్టీలు వాల్వ్, ఏడాదికి 1,000 ముక్కలు, పదేసి చొప్పున 100 లాట్లు. వాల్వ్‌కు ప్రతిసారీ మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ జతచేయాలి, ప్రతి ముక్కకూ ప్రెషర్ టెస్ట్ చేయాలి, కస్టమరు డ్రాయింగు మారిస్తే ప్రోగ్రాం మళ్లీ రాయాలి. కప్లింగ్‌కు ఈ తతంగమేదీ ఉండదు.

## ముందు పాత లెక్క ఏం చెబుతుందో చూడండి

ఏడాది ఓవర్‌హెడ్ మొత్తం ₹96 లక్షలు. మెషిన్లు నడిచేది 12,000 గంటలు. కప్లింగ్ ఒక్కోదానికి 0.2 గంట చొప్పున 10,000 గంటలు, వాల్వ్ ఒక్కోదానికి 2 గంటల చొప్పున 2,000 గంటలు. సంప్రదాయ పద్ధతిలో 96 లక్షలను 12,000తో భాగిస్తే గంటకు ₹800 వస్తుంది. దాన్నే మెషిన్ అవర్ రేటు అంటాం.

కప్లింగ్‌కు మెటీరియల్, కూలీ కలిపి ₹240. ఓవర్‌హెడ్ 0.2 × 800 = ₹160. మొత్తం ఖర్చు ₹400. అమ్మకం ధర ₹430, కాబట్టి ముక్కకు ₹30 లాభం.

వాల్వ్‌కు మెటీరియల్, కూలీ కలిపి ₹3,400. ఓవర్‌హెడ్ 2 × 800 = ₹1,600. మొత్తం ఖర్చు ₹5,000. అమ్మకం ధర ₹6,500, అంటే ముక్కకు ₹1,500 లాభం.

ఈ కాగితం చూసిన యజమాని ఏమనుకుంటాడో చెప్పనక్కర్లేదు. కప్లింగ్‌లో 7 శాతం మిగులుతోంది, వాల్వ్‌లో 23 శాతం. వాల్వ్ ఆర్డర్లు పట్టుకురమ్మని సేల్స్ కుర్రాళ్లను తరుముతాడు. కప్లింగ్ కస్టమరు ₹400కి ఇవ్వమంటే అసలు ఖర్చే అంత అని పంపించేస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మెషిన్ అవర్ రేటుతో పంచడమంటే, 96 లక్షల్లో ప్రతి రూపాయీ మెషిన్ ఎంతసేపు తిరిగితే అంత పెరుగుతుందని ఒప్పుకున్నట్టే. కరెంటు విషయంలో అది నిజం. సెట్టరు జీతం విషయంలో నిజం కాదు. లాట్‌లో వెయ్యి ముక్కలున్నా పది ముక్కలున్నా మెషిన్‌లో ముక్కను పట్టే జా మార్చాలి, టూల్ ఆఫ్‌సెట్ సరిచేయాలి, మొదటి ముక్క తీసి కొలవాలి. సెట్టరు చేసే ఈ సెటప్ పని లాట్‌కు ఒకసారి పడుతుంది తప్ప ముక్కకు ఒకసారి కాదు. మెషిన్ గంటల లెక్కన పంచితే ఎక్కువ గంటలు నడిచే కప్లింగే ఆ భారంలో ఎక్కువ భాగం మోస్తుంది.

1980లలో అమెరికాలో అయోవా రాష్ట్రం వాటర్‌లూలో ఉన్న జాన్ డీర్ కాంపొనెంట్ వర్క్స్‌లో సరిగ్గా ఈ చిక్కే ఎదురైంది. ట్రాక్టర్లకు కావాల్సిన చిన్న పార్టులు చేసే ఆ ప్లాంటుకు పెద్ద సంఖ్యలో కావాల్సిన పార్టుల కాంట్రాక్టులు చేజారుతుంటే, కొద్ది సంఖ్యలో కావాల్సినవే ఎక్కువగా దక్కాయి. రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లన్ ఇలాంటి ప్లాంట్లను పరిశీలించి ఒక పద్ధతిగా తీర్చిదిద్దిందే యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్, వాడుకలో ఏబీసీ.

మీ షాపులో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి లెక్కల దాకా వెళ్లక్కర్లేదు. కొద్ది ముక్కల చిక్కు ఆర్డర్లు బేరం లేకుండా మీకే వస్తున్నాయా? పెద్ద ఆర్డర్లలో పోటీదారు మీ ఖర్చు కన్నా తక్కువకు కోట్ చేస్తున్నాడా? లాభం ఎక్కువనుకున్న సరుకు అమ్మకాలు పెరిగినా ఏడాది చివర లాభం అక్కడే ఉందా? మూడింటికీ అవునంటే కింది పని మొదలుపెట్టండి.

## మొదటి అడుగు: లెడ్జర్ల నుంచి పనులకు

టాలీలో ఖర్చులు జీతాలు, కరెంటు, రిపేర్లు, కన్స్యూమబుల్స్ అని పద్దుల వారీగా ఉంటాయి. ఏబీసీకి ఆ పద్దులు పనికిరావు. ఆ డబ్బుతో జరిగిన పని ఏమిటో కావాలి. కాబట్టి మొదట షాపులో నడిచే పనుల జాబితా రాసుకోండి. ఇంత చిన్న యూనిట్‌కు ఐదారు చాలు. ఇరవై ముప్పై పనులు రాసుకున్నవాళ్లు మూడో నెలకే లెక్క వదిలేస్తారు. ఖర్చు పెద్దదై, సరుకును బట్టి వాడకం బాగా తేడాగా ఉన్న పనికే విడిగా ఒక ఖర్చుల మూట, అంటే పూల్, పెట్టాలి. రెండు పనులు ఎప్పుడూ కలిసే జరుగుతుంటే వాటిని విడదీసి లాభం లేదు.

మన షాపులో 96 లక్షలు ఇలా విడిపోయాయి. మెషిన్ నడపడానికి (కరెంటు, కూలెంట్, మెయింటెనెన్స్, తరుగుదల) 48 లక్షలు. సెటప్‌కు 15. ఇన్‌స్పెక్షన్, సర్టిఫికెట్లకు 12. కొనుగోళ్లు, సరుకు దించుకోవడానికి 8. డ్రాయింగులు, ప్రోగ్రామింగ్‌కు 6. అద్దె, వాచ్‌మన్, ఫ్యాక్టరీ మేనేజరు జీతం లాంటివి 7.

ఈ విభజనలో కష్టమంతా జీతాల దగ్గరే. ఇద్దరు సెట్టర్లకు ఏడాదికి ₹10 లక్షలు అవుతుందనుకోండి. వాళ్లు సెటప్ ఒక్కటే చేయరు. ఇన్సర్టులు మారుస్తారు, ఆపరేటరు రాని రోజు మెషిన్ మీద నిలబడతారు, చిన్న రిపేర్లు చూస్తారు. వాళ్లతో కూర్చుని పోయిన నెల పని ఎలా గడిచిందో అడగండి. సగం సెటప్‌కే పోయిందంటే 5 లక్షలు సెటప్ పూల్‌లోకి, 5 లక్షలు మెషిన్ పూల్‌లోకి వెళ్తాయి. సెటప్ పూల్‌లో మిగతా 10 లక్షలు సాఫ్ట్ జాలు, ఫిక్స్చర్లు, సెట్ అయ్యేలోపు పాడైన ముక్కలు. ఈ చివరిదాన్ని చాలామంది మెటీరియల్ ఖర్చులో కలిపేస్తారు. వాల్వ్ బాడీకి మెటీరియల్ ఒక్కటే వేలల్లో ఉన్నప్పుడు లాట్‌కు ఒకటి రెండు ముక్కలు స్క్రాప్‌లో పడితే అది సెటప్ ఖర్చే.

ఈ ప్రశ్న అడిగినప్పుడు ఎవరూ ఖాళీగా కూర్చున్నానని చెప్పరు. ఎవరిని అడిగినా వాటాలు కలిపితే సరిగ్గా నూరు శాతం వస్తుంది. అందుకే సెటప్ రిజిస్టరు ఉంటే దాన్నీ, లేకపోతే ఓ నెల పాటు జాబ్ కార్డు మీద సెటప్ మొదలైన టైము, అయిపోయిన టైము రాయించీ వాళ్లు చెప్పినదాంతో పోల్చి చూడాలి.

మెషిన్ పూల్ గురించి ఒక హెచ్చరిక. కప్లింగ్ పాత లేత్ మీద, వాల్వ్ ఖరీదైన వీఎంసీ మీద నడుస్తుంటే రెంటికీ ఒకే గంట రేటు వేయకూడదు. తరుగుదలలోనే బోలెడు తేడా ఉంటుంది, అప్పుడు పూల్‌ను రెండు చేయాలి. మన లెక్కలో రెండు సరుకులూ ఒకే రకం సీఎన్‌సీ మెషిన్ల మీద నడుస్తాయనుకున్నాం.

## రెండో అడుగు: ఆ పనిని పెంచేది ఏది?

ప్రతి పూల్‌కూ ఒక డ్రైవర్ కావాలి. డ్రైవర్ అంటే ఏది పెరిగితే ఆ పని పెరుగుతుందో అది. ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది నిజంగా ఆ ఖర్చుకు కారణమా? దీని లెక్క మన దగ్గర ఇప్పటికే రాసి ఉందా, లేక కొత్తగా మనిషిని పెట్టి రాయించాలా? మొదటి ప్రశ్న ముఖ్యం, కానీ లెక్కను ఏళ్ల తరబడి నిలబెట్టేది రెండోది.

సెటప్‌కు రెండు డ్రైవర్లు తోస్తాయి: ఎన్ని సెటప్‌లు జరిగాయి, ఎన్ని గంటలు పట్టింది. ఎన్ని అన్నది సులువు. 150 లాట్లకు 15 లక్షలు, అంటే సెటప్‌కు ₹10,000. అప్పుడు వాల్వ్ మీద 10 లక్షలు పడుతుంది. కానీ అన్ని మెషిన్లలో కలిపి కప్లింగ్ సెటప్‌కు 6 గంటలు పడితే వాల్వ్‌కు 12 పడుతోంది. గంటల లెక్కన కప్లింగ్‌కు 300, వాల్వ్‌కు 1,200, మొత్తం 1,500. గంటకు ₹1,000 చొప్పున వాల్వ్ మీద 12 లక్షలు పడుతుంది. సెటప్‌లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటే సంఖ్య చాలు. ఇక్కడ రెట్టింపు తేడా ఉంది కాబట్టి గంటలే వాడాలి.

ఇన్‌స్పెక్షన్‌కు గంటలు, కొనుగోళ్లకు సరుకు అందినప్పుడు రాసే జీఆర్‌ఎన్‌ల సంఖ్య, డ్రాయింగులకు డిజైన్ గంటలు తీసుకుందాం. జీఆర్‌ఎన్‌లు స్టోర్సు రిజిస్టరులో ఉన్నవే, కొత్తగా రాయించాల్సిన పని లేదు. అద్దె, వాచ్‌మన్‌ల 7 లక్షలకు మాత్రం డ్రైవర్ లేదు. వాల్వ్ లాట్ ఒకటి పెరిగితే అద్దె పెరగదు. ఏదో ఒక డ్రైవర్ అతికించి దాన్నీ పంచాలనే తాపత్రయం చాలామందికి ఉంటుంది. పంచకండి. సరుకుల లాభాలన్నీ కూడాక చివర్లో ఒకే మొత్తంగా తీసేస్తే చాలు.

## మూడో అడుగు: రేట్లు కట్టి సరుకు మీద వేయడం

| పని | ఖర్చు (₹ లక్షలు) | డ్రైవర్ | కప్లింగ్ | వాల్వ్ | రేటు (₹) |
|---|---|---|---|---|---|
| మెషిన్ నడపడం | 48 | మెషిన్ గంటలు | 10,000 | 2,000 | 400 |
| సెటప్ | 15 | సెటప్ గంటలు | 300 | 1,200 | 1,000 |
| ఇన్‌స్పెక్షన్ | 12 | ఇన్‌స్పెక్షన్ గంటలు | 200 | 1,000 | 1,000 |
| కొనుగోళ్లు | 8 | జీఆర్‌ఎన్‌లు | 40 | 160 | 4,000 |
| డిజైన్ | 6 | డిజైన్ గంటలు | 60 | 540 | 1,000 |

కుడివైపు అంకెలు వేసుకోకముందే కథ బయటపడింది చూడండి. మెషిన్ గంటల్లో వాల్వ్ వాటా ఆరో వంతే. సెటప్‌లో 80 శాతం, ఇన్‌స్పెక్షన్‌లో 83 శాతం, డిజైన్‌లో 90 శాతం మాత్రం దానిదే. పాత రేటు ఈ ఖర్చులన్నిట్లోనూ దానికి ఆరో వంతే అంటగట్టింది.

ఎక్సెల్‌లో రెండో వరసలో B నుంచి F దాకా రేట్లు, ఐదో వరసలో కప్లింగ్ వాడకం, ఆరో వరసలో వాల్వ్ వాడకం, G గడిలో ముక్కల సంఖ్య పెట్టుకుంటే ముక్కకు ఓవర్‌హెడ్ ఒక్క ఫార్ములాతో వస్తుంది. రెండో ఫార్ములా సరిచూపు కోసం. H2లో పంచని 7,00,000 ఉంచితే జవాబు 96,00,000 రావాలి.

```
=SUMPRODUCT($B$2:$F$2,B5:F5)/G5
=SUMPRODUCT(B2:F2,B5:F5)+SUMPRODUCT(B2:F2,B6:F6)+H2
```

కప్లింగ్‌కు 40 + 3 + 2 + 1.6 + 0.6 = 47.2 లక్షలు, 50,000తో భాగిస్తే ముక్కకు ₹94.40. మెటీరియల్, కూలీ ₹240 కలిపితే ₹334.40. ధర ₹430 కాబట్టి మిగిలేది ₹95.60.

వాల్వ్‌కు 8 + 12 + 10 + 6.4 + 5.4 = 41.8 లక్షలు, ముక్కకు ₹4,180. మెటీరియల్, కూలీ ₹3,400 కలిపితే ₹7,580. ధర ₹6,500. ముక్కకు ₹1,080 నష్టం.

ఇప్పుడు మొత్తాలు సరిచూడాలి, ఇది తప్పనిసరి. పాత పద్ధతిలో కప్లింగ్ లాభం 15 లక్షలు, వాల్వ్ లాభం 15 లక్షలు, మొత్తం 30. ఏబీసీలో కప్లింగ్ 47.8 లక్షలు, వాల్వ్ నష్టం 10.8, పంచని ఖర్చు 7. మిగిలేది 30 లక్షలే. రెండు మొత్తాలూ కలవలేదంటే ఎక్కడో ఒక ఖర్చు రెండుసార్లు పడిందనో, ఒక పూల్ జారిపోయిందనో అర్థం. కలిసేదాకా ఎవరికీ చూపించకండి.

₹400కి కప్లింగ్ అడిగిన కస్టమరును వెనక్కి పంపారు కదా, ఆ ధరకు ఇచ్చినా ముక్కకు ₹65.60 మిగిలేది.

## నాలుగో అడుగు: వాల్వ్‌ను లాట్‌గా చూడండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాల్వ్ నష్టమని తేలింది కాబట్టి మానేద్దామంటారు. అది తొందరపాటు. ₹7,580 అన్నది పది ముక్కల లాట్‌కు పడిన ఖర్చు, వాల్వ్‌కు ఎప్పుడూ అంతే పడుతుందని కాదు. ఏబీసీలో అసలు పనికొచ్చే సమాచారం ఆ అంకెను విడదీసినప్పుడు దొరుకుతుంది. ఏ ఖర్చు ముక్కకు పడుతోంది, ఏది లాట్‌కు, ఏది సరుకు మొత్తానికి అని విడిగా చూడాలి.

ఇన్‌స్పెక్షన్ ఇందుకు మంచి ఉదాహరణ. పట్టికలో వాల్వ్‌కు 1,000 గంటలని రాశాం, 100 లాట్లు కాబట్టి లాట్‌కు 10 గంటలు. దాన్ని దగ్గరగా చూస్తే 4 గంటలు ప్రెషర్ టెస్ట్‌కు పోతున్నాయి, ముక్కకు 24 నిమిషాల చొప్పున. మిగతా 6 గంటలు మొదటి ముక్క కొలతలకు, స్టీలు ఏ పోతలోదో చెప్పే హీట్ నంబర్లు సరిచూసి సర్టిఫికెట్ ఫైలు తయారు చేయడానికి పోతున్నాయి. టెస్ట్ ముక్కలతో పాటు పెరుగుతుంది, ఫైలు లాట్‌కు ఒక్కటే. ఒకే పూల్, ఒకే డ్రైవర్ అయినా అందులో రెండు రకాల ఖర్చులున్నాయి.

ఇలా విడదీస్తే వాల్వ్ లెక్క ఇలా అవుతుంది. లాట్‌కు పడేది సెటప్ ₹12,000, ఫైలు పని ₹6,000, మొత్తం ₹18,000. ముక్కకు పడేది మెటీరియల్, కూలీ ₹3,400, మెషిన్ ₹800, ప్రెషర్ టెస్ట్ ₹400. కొనుగోళ్లు, డిజైన్ కలిపి సగటున ముక్కకు ₹1,180 వేసుకుందాం. లాట్ ఖర్చు వదిలేస్తే ముక్కకు ₹5,780. ధర ₹6,500లో మిగిలేది ₹720.

₹18,000 లాట్ ఖర్చును ₹720తో భాగిస్తే 25 వస్తుంది. అంటే ₹6,500 ధరకు లాట్‌లో 25 వాల్వ్‌లుంటే లాభనష్టాలు సమానం. అంతకన్నా తక్కువుంటే నష్టమే. ఐదు ముక్కల లాట్‌లో ముక్కకు ఖర్చు ₹9,380, యాభై ముక్కల లాట్‌లో ₹6,140. సరుకు అదే, కస్టమరు అదే, మూడు వేల రూపాయలకు పైగా తేడా.

కాబట్టి యజమాని ముందున్నది వాల్వ్ చేయాలా మానాలా అన్న ప్రశ్న కాదు. కోటేషన్ ఎలా రాయాలన్నది ప్రశ్న. ముక్క ధరకు తోడు లాట్‌కు సెటప్, డాక్యుమెంటేషన్ చార్జీ విడిగా చూపించొచ్చు. కస్టమరు విడి చార్జీకి ఒప్పుకోకపోతే 10, 25, 50 ముక్కలకు మూడు ధరలివ్వొచ్చు. నెలకు ఐదేసి తీసుకునే కస్టమరుకు మూడు నెలల సరుకు ఒకే లాట్‌గా చేసి, విడతలుగా పంపుతామని చెప్పొచ్చు. అప్పుడు నిల్వ ఖర్చు మీ మీద పడుతుంది, దాన్ని ఆదా అయిన సెటప్ ఖర్చుతో పోల్చుకోవాలి. రెండో దారి షాపులోపలే ఉంది: సెటప్ 12 గంటల నుంచి 8కి తగ్గిస్తే లాట్ ఖర్చు ₹14,000కు దిగి, సమాన లాట్ 25 నుంచి 20కి వస్తుంది.

ఒక మినహాయింపు మరచిపోకండి. కొనుగోళ్లు, డిజైన్‌ల ₹1,180 నిజానికి ముక్కను బట్టి పెరిగేది కాదు. పాత డ్రాయింగు మీద రిపీట్ ఆర్డరు వస్తే డిజైన్ ఖర్చు దాదాపు ఉండదు. కొత్త కస్టమరు మొదటి ఆర్డరుకు సగటు కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. పెద్ద కోటేషన్ రాసేటప్పుడు సగటు పక్కనపెట్టి ఆ ఆర్డరుకు నిజంగా ఎన్ని డిజైన్ గంటలు, ఎన్ని జీఆర్‌ఎన్‌లు పడతాయో అంచనా వేయండి.

## ఐదో అడుగు: ఖాళీ సమయాన్ని సరుకు నెత్తిన వేయకండి

సెటప్ రేటు కట్టేటప్పుడు 15 లక్షలను జరిగిన 1,500 గంటలతో భాగించాం. మొదటిసారికి అది ఫర్వాలేదు. కానీ ఇద్దరు సెట్టర్లకు సెలవులు, టీ, భోజనం పోను మనిషికి ఏడాదికి 2,000 గంటల పని సమయం ఉందనుకుంటే, అందులో సగం సెటప్‌కు కేటాయించారు కాబట్టి వాళ్ల సెటప్ సామర్థ్యం 2,000 గంటలు. వాడింది 1,500. ఐదు వందల గంటలు ఖాళీ.

సెటప్ పూల్‌లో జీతాల వాటా 5 లక్షలు. దాన్ని 2,000తో భాగిస్తే గంటకు ₹250. వాడిన గంటలకు 3.75 లక్షలు సరుకుల మీద పడుతుంది, 1.25 లక్షలు వాడని సామర్థ్యం పేరుతో విడిగా నిలుస్తుంది. వాల్వ్ మీద లక్ష రూపాయలు తగ్గి, ముక్కకు నష్టం ₹1,080 నుంచి ₹980కి వస్తుంది. జాలు, పాడైన ముక్కల 10 లక్షలకు ఈ సవరణ అక్కర్లేదు, అవి జరిగిన సెటప్‌లతోనే వచ్చిన ఖర్చు.

మొత్తం చిన్నదే కావచ్చు, కానీ వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఆర్డర్లు తగ్గిన ఏడాది సెటప్ గంటలు వెయ్యికి పడిపోయాయనుకోండి. జరిగిన గంటలతో భాగిస్తే జీతాల రేటు గంటకు ₹500 అవుతుంది. వాల్వ్ ఖర్చు పెరిగిందనుకుని ధర పెంచుతారు, ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. సెట్టరు పని చేసే తీరు మాత్రం ఏమీ మారలేదు. సామర్థ్యంతో భాగిస్తే రేటు ₹250 దగ్గరే నిలుస్తుంది, ఖాళీ ఎంతో విడిగా కనిపిస్తుంది. ఖాళీకి జవాబు చెప్పాల్సింది యజమాని, వాల్వ్ కస్టమరు కాదు.

## ఏబీసీ అంకెను ఎక్కడ నమ్మకూడదు

పాత లెక్క నమ్మి యజమాని 5,000 కప్లింగ్‌లు తగ్గించి, ఆ వెయ్యి మెషిన్ గంటల్లో 500 వాల్వ్‌లు ఎక్కువ చేశాడనుకుందాం, పదేసి ముక్కల లాట్లలోనే. పాత లెక్క ప్రకారం 1.5 లక్షలు పోయి 7.5 లక్షలు రావాలి. ఏబీసీ ప్రకారం కప్లింగ్ వైపు 4.78 లక్షలు, వాల్వ్ వైపు 5.4 లక్షలు, మొత్తం 10 లక్షల పైచిలుకు నష్టం.

మొదటి రెండు మూడు నెలల్లో ఏం జరుగుతుంది? రెండు లెక్కలూ తప్పుతాయి. జీతాలు, అద్దె, తరుగుదల వెంటనే మారవు. మెటీరియల్, కూలీ మాత్రమే చూస్తే కప్లింగ్ మెషిన్ గంటకు ₹950 ఇస్తుంది, వాల్వ్ ₹1,550. పాడైన ముక్కల ఖర్చు కొంత తినేసినా, సెట్టర్లకు ఖాళీ ఉన్నన్నాళ్లూ వాల్వ్ వైపు మళ్లడం మంచిదనే బ్యాంకు ఖాతా చెబుతుంది. యజమాని ఏబీసీ కాగితం చూసి నవ్వుతాడు.

500 వాల్వ్‌లంటే 50 లాట్లు, 600 సెటప్ గంటలు. కప్లింగ్ తగ్గడం వల్ల వెనక్కి వచ్చేది 30 గంటలే. ఖాళీ 500 గంటలు దాటిపోతాయి. అక్కడి నుంచి ఓవర్‌టైము మొదలవుతుంది, క్యూసీలో ఫైళ్లు పేరుకుపోతాయి, ఫార్మా కస్టమరు డెలివరీ ఆలస్యమని ఫోన్ చేస్తాడు. ఇంకో సెట్టరును, ఇంకో ఇన్‌స్పెక్టరును తీసుకోక తప్పదు. ఖర్చు మెట్టు మెట్టుగా పెరిగి, ఏడాది తిరిగేసరికి ఏబీసీ చెప్పిన దిక్కుకే చేరుతుంది.

అందుకని వచ్చే వారం ఖాళీగా ఉన్న మెషిన్ మీద ఒక ఆర్డరు తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఏబీసీ అంకె వాడకండి. అక్కడ ఈ ఆర్డరు వల్ల జేబులోంచి నిజంగా ఎంత పోతుందో అదే లెక్క. ఏ తరహా ఆర్డర్ల వైపు షాపును నడిపించాలి, ధరల పట్టిక ఎలా ఉండాలి, కొత్త మెషిన్ ఎవరి కోసం కొనాలి అన్న ప్రశ్నలకు ఏబీసీ. వాల్వ్‌ను పూర్తిగా మానేయాలా అన్న ప్రశ్నకు రెండూ చాలవు. మానేస్తే 41.8 లక్షల్లో ఏవి నిజంగా ఆగిపోతాయో ఒక్కొక్కటిగా రాయాలి. వాల్వ్ వల్ల వచ్చే మెషిన్ తరుగుదల మానేసినా పోదు. ఇన్‌స్పెక్టరు జీతం, అతన్ని తీసేస్తేనో వేరే పనికి మార్చితేనో తప్ప, పోదు.

ఆడిటరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంకో జాగ్రత్త. అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 ప్రకారం నిల్వ విలువ కట్టేటప్పుడు స్థిరమైన ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ను మామూలు సామర్థ్యం మీద పంచి కలపాలి, అమ్మకపు ఖర్చులు కలపకూడదు. ఏబీసీలో మనం పంచకుండా వదిలిన ఫ్యాక్టరీ అద్దె అక్కడ కలవాల్సిందే. కాబట్టి ఏబీసీ షీటును లోపలి నిర్ణయాలకు విడిగా ఉంచుకోండి, పుస్తకాల్లోని పద్ధతిని దానికోసం కదపకండి. కాస్ట్ రికార్డులు ఉంచాల్సిన కంపెనీలకు ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ల ప్రమాణం సీఏఎస్-3 కూడా కారణానికీ ఖర్చుకూ ఉన్న సంబంధాన్ని బట్టి గానీ, దక్కిన ప్రయోజనాన్ని బట్టి గానీ పంచమంటుంది, కాబట్టి ఈ షీటులోని డ్రైవర్లు అక్కడా పనికొస్తాయి.

ఇంత పని అందరికీ అవసరం లేదు. షాపులో కప్లింగ్‌లే నాలుగు సైజుల్లో, ఇంచుమించు ఒకే లాట్‌లో నడుస్తుంటే మెషిన్ అవర్ రేటు చాలు, ఏబీసీ వేసినా అదే జవాబు దాదాపుగా వస్తుంది. సరుకులు తేడాగా ఉన్నా మొత్తం ఖర్చులో ఓవర్‌హెడ్ పదో వంతు కూడా లేకపోతే శ్రమ దండగ. అనుమానంగా ఉంటే ఒక్క సెటప్ పూల్‌ను మాత్రం విడదీసి, మిగతాదంతా పాత రేటులోనే ఉంచి చూడండి. మన షాపులో అది ఒక్కటే చేసినా పాత రేటు గంటకు ₹675కు దిగి, వాల్వ్ ఖర్చు ₹5,000 నుంచి ₹5,950కి వెళ్తుంది. ఆ ఒక్క కదలికే మిగతా పూల్స్ తెరవాలో వద్దో చెబుతుంది.

రేట్లను ఏడాదికోసారి తిరగరాస్తే సరిపోతుంది. కొత్త మెషిన్ వచ్చినా, సెటప్ టైము తగ్గినా, కొత్త రకం కస్టమరు వచ్చినా మాత్రం ఏడాది ఆగకుండా ఆ పూల్ ఒక్కదాన్నీ సరిచేయండి. సెటప్ టైములు జాబ్ కార్డు మీద రాయడం మానేశారంటే అప్పటి నుంచి షీటులో ఉన్నది పాత అంకె. నెలకోసారి రెండు మూడు కార్డులు తీసి ఆ గడి నింపుతున్నారో లేదో చూసుకోండి.